ఒంగోలు నుంచి నెల్లూరుకి 18 కుండీలు: ఎండాకాలంలో మొక్కలతో ఇల్లు మారడం ఎలా

మా వైపు ఇల్లు మారేవాళ్లలో ఎక్కువమంది మే నెలలోనే మారతారు. పిల్లల పరీక్షలు అయిపోవాలి, కొత్త బడి తెరిచేలోపు సర్దుకోవాలి, ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి. మనకు వీలైన ఆ రోజులే మొక్కలకు గడ్డురోజులు. రోహిణి కార్తెలో పడమటి గాలి మొహానికి కొడుతుంటే మనిషే నిలబడలేడు, ఇక లారీ పైన కట్టిన మొక్క సంగతి చెప్పాలా?

మొదటిసారి కందుకూరు నుంచి ఒంగోలుకి మారినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. గంటన్నర దారే కదా అనుకున్నాను. సామానంతా ఎక్కించాక చివర్లో, బీరువా మీద పరుపులేసి, ఆ పైన కుండీలు పెట్టారు. దిగేటప్పటికి అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగైదు రోజుల తర్వాత ఫైకస్ ఆకులు రాలడం మొదలై, రెండు వారాలకి చెట్టు బోడిదైపోయింది. ఎరికా పామ్ ఆకులు కొసల నుంచి ఎండుకొచ్చాయి. దాహంతో ఉందేమోనని పామ్‌కి పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. ఫైకస్ ఎలాగూ పోయిందిలే అని మెట్ల కింద పడేసి మర్చిపోయాను. నెల తిరిగేసరికి మర్చిపోయిన ఫైకస్ చిగురేసింది. రోజూ చూసుకున్న పామ్‌ని ఇలా పట్టుకుంటే మొదలు చేతికి ఊడొచ్చింది, కుళ్లు వాసన.

తర్వాత అర్థమైంది ఏం జరిగిందో. బండి వేగానికి ఆకుల మీద వేడిగాలి ఆగకుండా కొడుతుంది కాబట్టి ఆకులోని నీరు మామూలుకన్నా చాలా త్వరగా ఆవిరైపోతుంది. కుదుపులకి మట్టి కదిలి, నీళ్లు పీల్చే వెంట్రుకల్లాంటి సన్న వేళ్లు తెగుతాయి. పైన ఖర్చు పెరిగింది, కింద రాబడి తగ్గింది. అప్పుడు మొక్క తన దగ్గరున్న నీళ్లు కాపాడుకోవడానికి కొన్ని ఆకులు వదిలేస్తుంది. అది జబ్బు కాదు, దాని జాగ్రత్త అది. వేళ్లు తాగలేని ఆ సమయంలో మనం పోసే నీళ్లు కుండీలోనే నిలిచి, గాలి ఆడక వేళ్లు కుళ్లిపోతాయి. నేను ప్రయాణంలో పోగొట్టుకున్నది కొన్ని ఆకులే. మొక్కని చంపింది మాత్రం దిగాక పోసిన నీళ్లు.

రెండోసారి ఒంగోలు నుంచి నెల్లూరుకి, సుమారు 120 కిలోమీటర్లు, అదీ మే చివర్లో. ఈసారి 18 కుండీలు వెళ్లాయి, 17 బతికాయి. ఎలా చేశానో వరసగా చెప్తాను.

రెండు వారాల ముందు: కొత్త ఇంటి వెలుతురు చూడండి

అద్దె మాట్లాడుకోవడానికి వెళ్లినప్పుడే బాల్కనీ ఏ దిక్కుకి ఉందో, ఎండ ఎన్ని గంటలకి వస్తుందో చూసుకోవాలి. ఒంగోల్లో మాది తూర్పు వరండా. పొద్దున తొమ్మిది దాకా మెత్తటి ఎండ, ఆ తర్వాత నీడ. నెల్లూరు ఇంట్లో బాల్కనీ పడమటివైపు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకేదాకా కాల్చే ఎండ. అంటే నా వరండా మొక్కల్లో సగం ఆ బాల్కనీలో ఒక్క వారం కూడా నిలవవు, ఇంటి లోపల కిటికీ దగ్గరే ఉండాలి. లోపల వెలుతురు వరండాకన్నా తక్కువ.

ఈ తేడా ఒక్కసారిగా మీద పడకుండా, మనీప్లాంట్, ఫైకస్, స్పైడర్ ప్లాంట్ లాంటివి రెండు వారాల ముందే వరండా అంచు నుంచి లోపలి గోడ పక్కకి, మరుసటి వారం హాల్లో కిటికీ దగ్గరికి జరిపాను. ఫైకస్ అప్పుడే నాలుగు ఆకులు రాల్చింది. రాలిస్తే రాల్చనీ, ప్రయాణమూ వెలుతురు మార్పూ రెండూ ఒకే రోజు మీదపడటంకన్నా అదే నయం.

ఎరువు ఈ రెండు వారాలూ ఆపేయాలి. ఎరువేస్తే లేత చిగుళ్లు వస్తాయి, గాలికి ముందు మాడేది అవే. కుండీ మార్చడం కూడా ఇప్పుడు వద్దు. కుండీ పగిలి తప్పనిసరిగా మార్చాల్సి ఉంటే ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు మార్చేయండి. అంత టైము లేకపోతే పగిలిన కుండీకే గట్టిగా తాడు చుట్టి తీసుకెళ్లి, అక్కడ వేళ్లు కుదురుకున్నాక మార్చండి.

ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో పిండినల్లి ఉందేమో చూడండి. దూది అంటుకున్నట్టు తెల్లగా ఉంటుంది. బండిలో కుండీలన్నీ ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒక మందారానికి ఉన్నది నెల్లూరు చేరేసరికి అన్నిటికీ అంటుకుంటుంది. లీటరు నీళ్లలో ఒక టీస్పూను వేపనూనె, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. వారం ఆగి మళ్లీ ఒకసారి. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు మాత్రం ఏమీ కొట్టొద్దు.

కుండీలో చీమల పుట్ట ఉంటే బకెట్టు నీళ్లలో కుండీని అంచుదాకా పావుగంట ముంచితే చీమలన్నీ పైకొస్తాయి. ఇది వారం ముందే చేసుకోవాలి, లేదంటే మట్టి ఆరదు. డ్రైవరు పక్క సీట్లో కుండీ పెట్టుకున్నాక చీమలు బయటికొస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో పని కూడా ఇప్పుడే. పోతే బాధపడే మొక్క ఏదైనా ఉంటే దానికో పిలక దాచుకోండి. మనీప్లాంట్ తీగని కణుపు కిందగా కోసి నీళ్ల సీసాలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. స్పైడర్ ప్లాంట్‌కి వేలాడే పిల్లలు ఉండనే ఉంటాయి. తులసికి ఎండిన వెన్నులు కోసి విత్తనాలు కాగితంలో కట్టుకుంటే చాలు. కరివేపాకు కొమ్మ అంత తేలిగ్గా వేరూనదు, దానికి పక్క పిలకలే దిక్కు.

డ్రమ్ముల్లో పెరిగిన మల్లె, సన్నజాజి లాంటివి నలుగురు లేపితే గానీ లేవవు. వాటిని పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. డ్రమ్ము పగలగొట్టి వేళ్లు కోసి తీసుకెళ్దామని మా ఆయన అన్నారు. మే నెలలో ఆ పని చేస్తే మొక్క బతకదు.

ముందు రోజు: నీళ్ల లెక్క

బయల్దేరే ముందు నిండా నీళ్లు పోయడం అందరూ చేసే తప్పు. తడిసిన మట్టి బరువెక్కుతుంది, కుదుపులకి పేస్టులా జారి వేళ్ల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి, అట్టపెట్టెలు అడుగు ఊడిపోతాయి. అలాగని ఎండబెట్టినా కష్టమే. పొడిమట్టి పొడిపొడిగా రాలి వేళ్లని వదిలేస్తుంది.

ఆకు మొక్కలకి బయల్దేరే ముందు రోజు తెల్లారి, కింది రంధ్రంలోంచి కారేదాకా పోసి వదిలేయాలి. తర్వాతి రోజు తెల్లవారుజాముకి మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కడుతుంది, చేతికి నీరు అంటదు. కావలసింది ఆ పదును. స్నేక్ ప్లాంట్, కలబంద, జీజీ ప్లాంట్‌లకి ఈ లెక్క లేదు. వాటికి వారం ముందే నీళ్లు ఆపేయండి, ఆకుల్లోనో దుంపల్లోనో నిల్వ ఉంటుంది. పొడిగా ఉంటే తేలిక కూడా.

కట్టడం

కూరగాయల మార్కెట్లో టమోటాలు వచ్చే ప్లాస్టిక్ ట్రేలు అడిగితే అద్దెకో, తక్కువకో ఇస్తారు. అట్టపెట్టెలకన్నా ఇవే మేలు. గాలి ఆడుతుంది, పట్టుకోవడానికి పిడి ఉంటుంది, తడికి చిరగవు. చిన్న కుండీలు ట్రేకి నాలుగు పడతాయి. సందుల్లో కుక్కడానికి వరిగడ్డి. నెల్లూరు వైపు గడ్డికేం కరువు, ఒంగోల్లో నేను పాలాయన్ని అడిగి రెండు మోపులు తెచ్చుకున్నాను. థర్మాకోల్ కన్నా గడ్డే బాగా పట్టుకుంటుంది.

మందారం ఉన్న మట్టి కుండీని ఎలా కట్టానో వివరంగా చెప్తాను, మిగతావన్నీ ఆ పద్ధతే. ముందు మట్టి మీద పాత న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి, మొదలు దగ్గర చించి చుట్టూ సర్దాను. దాని మీద పాత లుంగీ గుడ్డ కప్పి, కుండీ అంచు కింద పురికొసతో బిగించి కట్టాను. ఇక కుండీ పక్కకి ఒరిగినా మట్టి ఒలకదు. తర్వాత పాత నూలు చీర ముక్కని కింద నుంచి మొదలుపెట్టి, ఆకుల్ని అరచేత్తో పైకి ఎత్తుకుంటూ, చంటిబిడ్డకి గుడ్డ చుట్టినట్టు చుట్టుకుంటూ పైకి వెళ్లాను. పైనుంచి కిందికి చుడితే కొమ్మలు వెనక్కి విరుగుతాయి. బిగించకూడదు, లోపల చెయ్యి దూరేంత వదులుండాలి. పైన మూతి కట్టకుండా వదిలేయాలి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, ఎండ తగిలితే లోపల ఆకు ఉడికిపోతుంది. చివరగా కుండీకి గోనెసంచి చుట్టాను.

మనీప్లాంట్ పొడుగు తీగల్ని కోయాల్సిన పని లేదు, చుట్టగా చుట్టి కుండీ మీదే పెట్టి గుడ్డ కప్పితే సరిపోతుంది. స్నేక్ ప్లాంట్ ఆకులు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ ఒత్తిడి పడితే ఫట్‌మని విరుగుతాయి. నాలుగు ఆకుల్ని కలిపి న్యూస్‌పేపరులో గొట్టంలా చుట్టండి.

బండి ఎక్కించడం

"మొక్కలేందక్కా, చివరాఖర్న పైన పడేద్దాంలే" అన్నాడు మినీ ట్రక్కు డ్రైవరు. మొదటిసారి నా మొక్కలు దెబ్బతిన్నది సరిగ్గా అలాగే. "కాదు తమ్ముడూ, ఇవే ముందు, ఇవే కింద" అని పట్టుబట్టాను.

వీలుంటే మొక్కలకి వేరే ట్రిప్పే మంచిది. మాకు ఒకే బండి కాబట్టి, ముందు రోజు సాయంత్రం ఎండ తగ్గాక సామాను ఎక్కించడం మొదలుపెట్టాం. ట్రక్కు అడుగు ఇనుప రేకు సాయంత్రానికి కూడా కాలుతూనే ఉంది. రెండు బిందెల నీళ్లు చల్లి, ఆరాక గోనెలు పరిచాం. క్యాబిన్ వెనక గోడకి ఆనించి కుండీలు రెండు వరసలు. గాలి నేరుగా తగలని చోటు అదే. బరువైన మట్టి కుండీలు కింద, ట్రేలు వాటి పక్కన. వాటికి అడ్డంగా చెక్క మంచం నిలబెట్టి తాడుతో కట్టాం, వెనక సామాను జరిగి మీద పడకుండా. పైన నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ రెండు మడతలుగా కప్పాం. టార్పాలిన్ వేస్తే నడుస్తున్నంతసేపూ ఫర్వాలేదు, బండి ఎండలో ఆగితే కింద పొయ్యి అవుతుంది.

తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాం. సింగరాయకొండ దాటినా చీకటే. ఏడు కొట్టేలోపు పెన్నా దాటి నెల్లూరులో ఉన్నాం. పగలు బయల్దేరక తప్పనివాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: దారిలో టిఫినుకో, చాయ్‌కో ఆగితే బండి నీడలో ఆపాలి. కారులో మొక్కలు తీసుకెళ్తుంటే అద్దాలు మూసి ఎండలో పది నిమిషాలు కూడా వదలొద్దు. బయట 40 డిగ్రీలు ఉంటే మూసిన కారు లోపల గంటలో 55 దాటుతుంది.

ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడికాయల బుట్టలు చూస్తే ఆగకుండా ఉండలేం. కొనుక్కోండి, కానీ మొక్కలున్న మూసిన కారులో పెట్టుకోకండి. పండే మామిడి, అరటి ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పక్కకాయని పండించేదీ, ఆకు ముదిరి రాలేలా చేసేదీ అదే. రెండు మూడు గంటల దారికి పెద్ద నష్టం ఉండదు గానీ, సామాను సర్దే హడావుడిలో ఆ బుట్టా మొక్కలూ ఒకే గదిలో తలుపేసి రాత్రంతా ఉండిపోతాయి చూడండి, అప్పుడు మందారం మొగ్గలు తెల్లారేసరికి రాలి కింద ఉంటాయి.

దిగిన రోజు

పాలు పొంగించడానికి దేవుడి పటాలతో పాటు తులసి ముందు లోపలికి వెళ్తుంది కదా, మిగతా వాటిని కూడా ఆ వెంటే దించేయండి. గుడ్డలు వెంటనే విప్పాలి. కిచెన్ సామాను మధ్యాహ్నానికి విప్పినా ఏం కాదు, మొక్కలకి అలా కుదరదు.

వాటిని ఎక్కడ పెట్టాలనుకున్నారో అక్కడ మాత్రం ఇవాళే పెట్టొద్దు. ఎండ పడని, గాలి బాగా ఆడే, వెలుతురున్న చోట ఒక్కదగ్గరే గుంపుగా పెట్టండి. గుంపుగా ఉంటే వాటి చుట్టూ కాస్త తేమ నిలుస్తుంది. ఏసీ కింద, ఫ్యాన్ ఎదురుగా వద్దు. అలా వారం నుంచి పది రోజులు.

నీళ్ల సంగతి. వాడిపోయి తలవాల్చిన మొక్కని చూడగానే చెయ్యి మగ్గు మీదికి పోతుంది. ఆగండి. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. పొడిగా ఉంటే పోయండి. తడి తగిలితే చుక్క కూడా వద్దు, అది నీళ్లు లేక వాడలేదు, తాగలేక వాడింది. దాన్ని నీడలో పెట్టి, ఆకుల మీద పొద్దునా సాయంత్రం నీళ్లు తుంపరగా చల్లితే చాలు. మధ్యాహ్నం వాడి, పొద్దునకి మళ్లీ నిలబడితే కంగారు లేదు. తెల్లారినా తల వాల్చే ఉంటేనే ఆలోచించాలి.

పోసే నీళ్లు ఏవో కూడా చూసుకోండి. మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లకి చెయ్యి పెట్టలేం, అవి పోస్తే వేళ్లు ఉడుకుతాయి. పొద్దునే పట్టి బకెట్లో ఉంచుకోండి. కొత్త ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మొదటి నెల మంచినీళ్లే పోయడం మేలు. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోసేవాళ్లున్నారు. ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోనే, వేళ్లు తెగిన మొక్కకి అవి అస్సలు పోయకూడదు.

దారిలో ఒక కుండీ పగిలింది మాకు, క్రోటన్‌ది. మట్టిముద్దని చెదరకుండా తడి గోనెలో చుట్టి, అడుగున రంధ్రాలు పెట్టిన పాత బకెట్లో దించి, చుట్టూ మట్టి వదులుగా పోశాను. ఇలాంటిదానికి మాత్రం వెంటనే ఒకసారి నిండుగా నీళ్లు పోయాలి, కొత్త మట్టి వేళ్లకి అంటుకోవడానికి. కాళ్లతో, చేతులతో అదిమి తొక్కొద్దు.

తర్వాతి మూడు వారాలు

మొదటి పది రోజుల్లో కింది ముదురాకులు పసుపుబారి రాలితే సహజం. ఫైకస్ అయితే సగం రాల్చేస్తుంది, దాని తీరే అంత. రాలుతున్న మొక్కని "ఇక్కడ పడలేదేమో" అని గదులన్నీ తిప్పకండి, చోటు మారిన ప్రతిసారీ అది మళ్లీ మొదటికొస్తుంది. కొమ్మ బతికుందో లేదో తెలియకపోతే గోటితో బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి వచ్చి గీకండి, పచ్చదనం కనిపించిన చోటు పైన కత్తిరించండి.

భయపడాల్సిన గుర్తులు వేరే. లేత ఆకులు ముందు నల్లబడటం, మొదలు మెత్తబడటం, కుండీ దగ్గర ముక్కు పెడితే మురుగు వాసన. ఇవి కుళ్లు. వెంటనే కుండీలోంచి తీసి, నల్లగా జావలా జారే వేళ్లని శుభ్రమైన కత్తెరతో తీసేసి, ఇసుక ఎక్కువ కలిపిన పొడిమట్టిలో నాటి రెండు మూడు రోజులు నీళ్లు పోయకుండా ఉంచాలి. తెల్లటి గట్టి వేళ్లు కొన్నైనా మిగిలితే ఆశ ఉంటుంది.

ఎండ కావలసిన మందారం, తులసి, కరివేపాకుని పది రోజుల తర్వాత బాల్కనీకి అలవాటు చేయాలి. మా పడమటి బాల్కనీకి ఉదయం ఎండ రాదు కాబట్టి, సాయంత్రం ఐదు తర్వాతి ఎండలోకి తెచ్చి పెట్టేదాన్ని. రెండు మూడు రోజులకోసారి అరగంట ముందుకి జరుపుతూ వచ్చాను. తులసి, కరివేపాకు అలాగే అలవాటుపడ్డాయి. మందారాన్ని ఒకరోజు మర్చిపోయి మధ్యాహ్నం రెండు గంటల నుంచి బయటే వదిలేశాను. సాయంత్రానికి పై ఆకుల మీద ఎండుగడ్డి రంగు మచ్చలు పడ్డాయి. ఎండదెబ్బ మచ్చ ఆకు నడుమ, ఎండవైపు పడుతుంది. నీళ్లు చాలకపోతే అంచులు కరకరలాడతాయి. రెండూ ఒకటనుకుని నీళ్లు పెంచకండి. మచ్చపడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకులొచ్చేదాకా దాన్ని పీకేయకండి, పచ్చగా ఉన్నంతమేర అది పనిచేస్తూనే ఉంటుంది.

ఎరువు ఎప్పుడంటే, కొత్త చిగురు కనపడి అది రెండు మూడు ఆకులయ్యాక. నాకు మనీప్లాంట్‌కి మూడో వారం, ఫైకస్‌కి ఆరో వారం అయింది. అప్పుడు కూడా కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. పోయిన ఆ ఒక్కటీ స్పైడర్ ప్లాంట్. ట్రేలో గడ్డి కింద ఉండిపోయింది, నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. దాని పిల్ల ఒకటి నీళ్ల సీసాలో ఉంది కాబట్టి, జూలైలో అదే కుండీలో నాటాను.